నచ్చకపోతే నెలకే ఆపేద్దాం సార్

అరకులో పన్నెండు గదుల హోటల్ నడిపే పెద్దాయనకు, విశాఖలో డిగ్రీ చదివే కుర్రాడు ఉత్తరం రాస్తున్నాడనుకుందాం. "మీ వ్యాపారాన్ని సోషల్ మీడియాలో పెంచుతా" అని మొదలుపెడితే అక్కడితో సరి. అలాంటి మెసేజీలు ఆయన ఫోన్ నిండా ఉంటాయి. ఇలా రాస్తే చదువుతారు:

"నమస్తే సార్. గూగుల్ మ్యాప్స్‌లో మీ హోటల్ కింద ఉన్న నంబరుకు రెండుసార్లు చేశాను, పనిచేయడం లేదు. ఫొటోల్లో ఇంకా రంగులు వేయకముందు గదులే ఉన్నాయి. మొదటి వారం ఈ రెండూ సరిచేస్తాను. తర్వాత మూడు వారాలు ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి రెండు పోస్టులు, ఒక రీల్. ఏది పెట్టినా ముందు మీకు వాట్సాప్‌లో చూపిస్తాను. నెలకు 4,000 రూపాయలు, సగం ముందు, సగం చివర. గూగుల్ పాస్‌వర్డ్ నాకొద్దు. మేనేజర్‌గా చేర్చండి, వద్దనుకున్న రోజు మీరే తీసేయొచ్చు."

గదులు నిండుతాయని ఇందులో ఎక్కడా లేదు, గమనించండి. అది కుర్రాడి చేతిలో లేని పని.

మరి ఫలితం తెలిసేదెలా? లైకులతో కాదు. ఎంతమంది కాల్ నొక్కారో, దారి అడిగారో గూగుల్ ప్రొఫైల్‌లోనే కనిపిస్తుంది. అయితే చలికాలంలో అరకుకు జనం ఎలాగూ వస్తారు. డిసెంబరు లెక్కను అక్టోబరుతో పోలిస్తే కుర్రాడికి రాని ఘనత కట్టబెట్టినట్టే. నిరుటి డిసెంబరుతోనే పోల్చాలి. దానికితోడు కౌంటర్‌లో ఒక నోటుబుక్కు పెట్టి, ఫోన్ చేసినవాళ్లందరినీ "ఎక్కడ చూశారండీ?" అని అడిగి రాసుకుంటే సరిపోతుంది.