‘ఆమోదించాం’ అంటే డబ్బు జమ అయినట్టు కాదు
ఆన్‌లైన్ దుకాణం పంపే రిటర్న్ ఉత్తరాన్ని చదివే తీరు

ఎమ్మిగనూరు: మగ్గాల ఊరైన ఎమ్మిగనూరులోనూ ఇప్పుడు సెల్‌ఫోన్‌లో చీర కొనేవారు ఉన్నారు. వచ్చిన చీర నచ్చకపోతే వాపసు కోరవచ్చు. ఆ తర్వాత దుకాణం నుంచి ఈ–మెయిల్ వస్తుంది. “మీ రిటర్న్‌ను ఆమోదించాం” అన్న మొదటి వాక్యం చూసి చాలామంది డబ్బు వచ్చేసినట్టేనని అనుకుంటారు. అసలు సంగతి దాని కింది వాక్యాల్లో ఉంటుంది.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని చూసి, తూకం వేశాకే లెక్క కడతారు. ఇక్కడా అంతే. ఆమోదమంటే సరుకు వెనక్కి పంపడానికి అనుమతి మాత్రమే. డబ్బు ఖాయమయ్యేది తనిఖీ తర్వాతే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక గృహిణి 1,200 రూపాయల చీర తెప్పించారు. 3వ తేదీన అందింది. రంగు బొమ్మలో చూపినట్టు లేదు. 4న రిటర్న్ కోరారు, 5న ఆమోదం వచ్చింది. 8న కొరియర్ మనిషి చీర తీసుకెళ్లాడు. 12న అది గోదాముకు చేరింది. 13న తనిఖీ చేసి, 14న డబ్బు పంపారు. కార్డుతో చెల్లించారు కనుక బ్యాంకులో పడడానికి మరో అయిదారు పనిదినాలు పట్టింది. ఉత్తరంలో ‘7 రోజులు’ అని ఉంటే, అది ఏ తేదీ నుంచో చూసుకోవాలి. ఎక్కువగా సరుకు చేరిన నాటి నుంచే లెక్కిస్తారు.

తనిఖీలో చూసేవి కొన్నే. చీర కట్టలేదు, ఉతకలేదు, ట్యాగు తెగలేదు, బిల్లు, అట్టపెట్టె ఉన్నాయి అని. ట్యాగు తెంపితే తిరస్కరించే వీలుంది. అందుకే పార్శిల్ విప్పేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసుకోవాలి. కొరియర్ మనిషి ఇచ్చిన రసీదునూ డబ్బు చేరేవరకు దాచాలి.

సరుకు అందినప్పుడు నగదు ఇచ్చినవారు తమ బ్యాంకు ఖాతా వివరాలు దుకాణం యాప్‌లోనే నింపాలి. ‘రిఫండ్ ఇస్తాం, లింకు నొక్కండి, పిన్ కొట్టండి’ అనే ఫోన్లు మోసం. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అది చెల్లించడానికే.

డబ్బు పంపామని చెప్పినా ఖాతాలో పడకపోతే, దుకాణం నుంచి లావాదేవీ సంఖ్య అడిగి తీసుకోవాలి. దానితో బ్యాంకులో విచారిస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

లోపమున్న సరుకునో, ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్నో వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ–కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. కేవలం మనసు మారి తిప్పిపంపేదానికి దుకాణం షరతులే వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆమోద ఉత్తరం, రసీదు, ఫోటోలు చేతిలో ఉంచుకుని మాట్లాడాలి.