లింగ్విస్టిక్ సర్వేలో మన తెలుగు ఉందా? కథనాన్ని పట్టికగా విప్పి చూద్దాం

మన కోయంబత్తూరు, మదురై తెలుగు గురించి ఎక్కడ మాటొచ్చినా ఎవరో ఒకరు "గ్రియర్సన్ సర్వేలో మనది రికార్డయింది కదా" అంటారు. ఆ సర్వే చరిత్ర మామూలుగా ఇలాంటి పేరాల్లో దొరుకుతుంది:

"వియన్నా సభ కోరిన ఎనిమిదేళ్లకు సర్వే మొదలైంది. మరో నాలుగేళ్లకు గ్రియర్సన్ బాధ్యత తీసుకున్నారు. 1906లో తెలుగున్న సంపుటం, 1891 లెక్కలతో, వెలువడింది."

చదివితే అంతా ఒకే పని అనిపిస్తుంది. దీన్ని విప్పాలంటే ముందు ఒక్కో క్రియకు ఒక్కో వరుస రాయండి. "ఎనిమిదేళ్లకు" లాంటి మాట ఉంటే అది ఏ సంవత్సరం నుంచో చూసి లెక్క కట్టండి. వియన్నా సభ 1886లో జరిగింది గనక సర్వే మొదలు 1894. చివరగా, ఆ తేదీ దేనిదో పక్కన రాయండి: పనిదా, అచ్చుదా, జనాభా లెక్కదా? అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది.

| సంవత్సరం | ఏం జరిగింది | దేని తేదీ |
|---|---|---|
| 1886 | వియన్నా ప్రాచ్యవిద్వాంసుల సభ సర్వే కావాలని కోరింది | తీర్మానం |
| 1891 | జనగణన | లెక్క |
| 1894 | సర్వే మొదలు | పని |
| 1898 | గ్రియర్సన్ సూపరింటెండెంటు అయ్యారు | నియామకం |
| 1906 | ముండా, ద్రావిడ భాషల 4వ సంపుటం | అచ్చు |
| 1927 | పరిచయ సంపుటం | అచ్చు |

ఇప్పుడు రెండో వరుస చూడండి. పేరాలో చివర ఉన్న 1891, పట్టికలో సర్వే కంటే ముందుకొచ్చేసింది. అంటే ఆ సంఖ్యలు సర్వేవాళ్లు తిరిగి లెక్కపెట్టినవి కావు, జనగణన నుంచి తీసుకున్నవి. "1906లో తెలుగువాళ్లు ఇంతమంది" అని రాస్తే పదిహేనేళ్ల తేడా వచ్చేస్తుంది.

ఇంకోటి: "పని" అని రాసిన వరుస పక్కన "ఎక్కడ?" అని అడగండి. మద్రాసు ప్రెసిడెన్సీ సర్వే పరిధిలో లేదు. కోయంబత్తూరు, మదురై జిల్లాలు రెండూ అందులోవే. 4వ సంపుటంలో కనిపించే వడరి, కామాఠి, గోలరి లాంటి తెలుగు మాండలికాలు బొంబాయి, సెంట్రల్ ప్రావిన్సుల వైపువి.

కాబట్టి మన ఇంట్లో అవ్వ వాడే మాట ఆ సంపుటంలో లేకపోతే, అది అప్పటికి మన వాడుకలో లేదనో, తర్వాత తమిళం నుంచి వచ్చిందనో తేల్చకూడదు. అడగనిచోట జవాబు ఉండదు కదా!

పట్టికకు ఒక హద్దుంది. ఏది ఎప్పుడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఒకటి ముందు, ఇంకొకటి తర్వాత వచ్చినంత మాత్రాన మొదటిది కారణం కాదు. అందుకే ప్రతి వరుసకూ మూల వాక్యం, పుట సంఖ్య పక్కన పెట్టుకోండి. తేదీ దొరకనిచోట ఊహించి నింపొద్దు, ఖాళీగానే వదలండి.