వార్తల్లో పదం: క్రాస్ సెల్లింగ్

ఒక వస్తువు కొన్నవారికి దానికి జతపడే మరో వస్తువును సూచించడమే క్రాస్ సెల్లింగ్. మొబైల్ యాక్సెసరీల దుకాణాలు పాత కస్టమర్లకు వాట్సాప్‌లో పెట్టే పోస్టులు ఎక్కువగా ఈ కోవలోవే.

పోస్టు మొదలవ్వాల్సింది సరుకుతో కాదు, కస్టమర్ పాత బిల్లుతో. గత నెల 45 వాట్ల ఛార్జర్ కొన్న వ్యక్తినే తీసుకోండి. కొన్ని ఫోన్లు ఆ వేగం అందుకోవాలంటే 5 ఆంపియర్ల టైప్-సి కేబుల్ ఉండాలి. మామూలు 3 ఆంపియర్ల కేబుల్‌తోనూ ఛార్జింగ్ ఎక్కుతుంది, కాకపోతే నెమ్మదిగా. అందుకని ఇలా రాయవచ్చు: ‘‘అన్నా, మొన్న తీసుకున్న ఛార్జర్ ఎలా పనిచేస్తోంది? నెమ్మదిగా ఎక్కుతుంటే కేబుల్ ఒకసారి చూడండి. 5 ఆంపియర్లదైతే కొత్తది అక్కర్లేదు. కాకపోతే మా దగ్గర ఉంది.’’ నా దృష్టిలో ఇందులో విలువైన మాట ‘అక్కర్లేదు’. అది చదివాకే మిగతాది సలహాగా వినిపిస్తుంది.

అదే పోస్టును పవర్ బ్యాంకు కొన్నవారికీ, కవర్ కొన్నవారికీ పంపితే విసుగే మిగులుతుంది. ఆ విసుగు టిక్కుల్లోనూ కనిపించవచ్చు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. ఇదివరకు రెండు టిక్కులు పడే నంబర్లకు రోజుల తరబడి ఒక్కటే పడుతుంటే, వారు నంబరు తీసేసి ఉండవచ్చు, బ్లాక్ చేసి ఉండవచ్చు.

అడగకుండానే బిల్లులో అదనపు వస్తువు చేర్చడం మాత్రం క్రాస్ సెల్లింగ్ కాదు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఈ పనిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మార్గదర్శకాలు ‘బాస్కెట్ స్నీకింగ్’ పేరుతో నిషేధించాయి.