యూరోలా, రూపాయలా? కార్డు మెషిన్ అడిగే ప్రశ్న వెనుక కథ

పారిస్‌లో ఒక హోటల్ బిల్లు 200 యూరోలు అయిందనుకుందాం. హైదరాబాద్‌లో తీసుకున్న క్రెడిట్ కార్డును మెషిన్‌లో పెట్టగానే తెర మీద రెండు మొత్తాలు కనిపిస్తాయి. పైన `EUR 200.00`, కింద `INR 21,200.00`. రెండింట్లో ఒకటి నొక్కమంటుంది. రోజంతా యూరోలను మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని అలసిపోయిన మనిషికి ఆ రెండో అంకె హాయిగా ఉంటుంది. వేలు అటే పోతుంది.

ఎటు నొక్కినా చివరికి మన ఖాతాలోంచి పోయేవి రూపాయలే. హోటల్‌కు అందేవి యూరోలే. ఆ మధ్యలో మారకం చేసే పని ఎవరికి అప్పగిస్తున్నామన్నదే ఆ మీట తేలుస్తుంది. ఎవరు మారిస్తే వారిదే రేటు, వారిదే లాభం. ఈ ఏర్పాటు పేరు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్. పొట్టిగా డీసీసీ అంటారు. 1990ల ముందు కార్డు మెషిన్‌కు ఈ ప్రశ్న అడగడం తెలియదు.

పాత దారి

మొదట యూరోలు నొక్కితే ఏమవుతుందో చూద్దాం. మెషిన్ నుంచి ఒక సందేశం బయలుదేరుతుంది. అందులో కార్డు నంబరు, మొత్తం, ఆ మొత్తం ఏ కరెన్సీలోదో చెప్పే మూడంకెల కోడ్ ఉంటాయి. యూరోకు 978, రూపాయికి 356. సందేశం ముందు హోటల్ తరఫు బ్యాంకుకు, అక్కడి నుంచి వీసా లేదా మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్‌కు చేరుతుంది. 978 అని చూసిన నెట్‌వర్క్, కార్డు భారతదేశానిది కనుక, తన రేటుతో లెక్కగట్టి రూపాయల మొత్తాన్ని మన బ్యాంకుకు పంపుతుంది. ఖాతాలో డబ్బు ఉందో లేదో, పరిమితి సరిపోతుందో లేదో చూసి బ్యాంకు సరేనంటుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని.

నెట్‌వర్క్ వాడే రేటు పెద్ద బ్యాంకులు తమలో తాము కరెన్సీలు అమ్ముకునే టోకు ధరకు బాగా దగ్గరగా ఉంటుంది. దాని మీద మన బ్యాంకు తన ఫారెక్స్ మార్కప్ వేస్తుంది. మన దేశంలో చాలా కార్డులకు అది 3.5 శాతం. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే 4.13 శాతం. కొన్ని కార్డులకు మార్కప్ 2 శాతమే ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు. చాలా లావాదేవీల్లో అసలు రేటు ఖాయమయ్యేది ఒకటి రెండు రోజుల తర్వాత, హోటల్ పంపిన లెక్క నెట్‌వర్క్‌లో పరిష్కారమైనప్పుడు. అందుకే ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో ఒక మొత్తం, నెలాఖరు స్టేట్‌మెంట్‌లో కాస్త తేడాగా మరో మొత్తం కనిపిస్తాయి.

ఈ పద్ధతిలో మారకం లాభమంతా నెట్‌వర్క్, కార్డు ఇచ్చిన బ్యాంకు పంచుకుంటాయి. సరుకు అమ్మిన దుకాణానికి గానీ, మెషిన్ పెట్టిన బ్యాంకుకు గానీ అందులో పైసా రాదు. డీసీసీ పుట్టింది ఈ వాటా కోసమే.

ఆరు అంకెల కిటుకు

దుకాణదారుడే మారకం చేయాలంటే ముందు తెలియవలసింది ఒక్కటే: ఈ కార్డు ఏ దేశానిది? పారిస్ కౌంటర్‌లో కూర్చున్న గుమస్తాకు కార్డు చూసి అది చెప్పడం కష్టం. కొనేవారిని అడిగి చేత్తో నొక్కాలంటే క్యూ ఆగిపోతుంది. జవాబు కార్డు నంబరులోనే ఉంది. దాని మొదటి ఆరు అంకెలు కార్డు ఇచ్చిన సంస్థను గుర్తిస్తాయి. పిన్ కోడ్ చూసి ఉత్తరం ఏ జిల్లాకు పోవాలో చెప్పినట్టే, ఈ అంకెలను ఒక పట్టికతో పోల్చి చూస్తే బ్యాంకు, దేశం, కరెన్సీ తెలిసిపోతాయి. ఇప్పుడు ఆరుకు బదులు ఎనిమిది అంకెలు వాడుతున్నారు.

ఐర్లండ్‌లోని ఫెక్స్‌కో, మోనెక్స్ వంటి కంపెనీలు 1990లలో ఈ సేవను వ్యాపారంగా మలిచాయి. ఫెక్స్‌కో 1981లో కెర్రీ ప్రాంతంలో విదేశీ నోట్లు మార్చే సంస్థగా మొదలైంది. పర్యాటకుల జేబులో నోట్ల స్థానంలోకి కార్డు వచ్చినప్పుడు, కౌంటర్ దగ్గర జరిగే మారకం మెషిన్‌లోకి మారింది. కార్డు నంబరును బట్టి కరెన్సీని దానంతటదే గుర్తించే పద్ధతికి మెయిన్-లైన్ అనే కంపెనీ సింగపూర్‌లో పేటెంట్ పొందింది. యునైటెడ్ ఓవర్సీస్ బ్యాంక్, ఫస్ట్ కరెన్సీ ఛాయిస్ సంస్థలు దాన్ని ఉల్లంఘించాయని కోర్టుకెక్కింది. 2007లో అక్కడి అప్పీలు కోర్టు పేటెంట్ చెల్లుతుందనే తీర్పిచ్చింది.

ఇప్పుడు మళ్లీ హోటల్ మెషిన్ దగ్గరికి వద్దాం. రూపాయలు నొక్కితే సందేశంలో కోడ్ 978కి బదులు 356 అవుతుంది, మొత్తం 21,200 అవుతుంది. నెట్‌వర్క్‌కు అది ముందే రూపాయల్లో వచ్చిన బిల్లు, మార్చవలసింది ఏమీ లేదు. మారకం దారి చివర జరగాల్సింది కాస్తా మొదట్లోనే జరిగిపోయింది. హోటల్ ఖాతాలో మాత్రం 200 యూరోలే పడతాయి. టోకు ధర యూరోకు 100 రూపాయలు అనుకుంటే 21,200 రూపాయల విలువ 212 యూరోలు. మిగిలిన 12 యూరోలను డీసీసీ నడిపే కంపెనీ, మెషిన్ పెట్టిన బ్యాంకు, హోటల్ పంచుకుంటాయి. గుమస్తా అడగకుండానే రూపాయల మీట నొక్కి మెషిన్ మన చేతికివ్వడం వెనుక ఈ వాటా ఉంటుంది.

లెక్క వేసి చూస్తే

అదే 200 యూరోలు, అదే 100 రూపాయల రేటు. యూరోల్లో కడితే 20,000 రూపాయలు, దాని మీద 3.5 శాతం మార్కప్ 700, ఆ 700 మీద జీఎస్టీ 126. మొత్తం 20,826.

రూపాయల్లో కడితే తెర మీద 21,200 కనిపించింది. అక్కడితో అయిపోతే తేడా 374 రూపాయలే. కానీ అయిపోదు. దుకాణం విదేశంలో ఉంటే, మారకం జరగకపోయినా నెట్‌వర్క్‌లు బ్యాంకు దగ్గర సరిహద్దు దాటిన రుసుము తీసుకుంటాయి. అందుకే మన బ్యాంకులు చాలావరకు విదేశీ దుకాణంలో రూపాయల్లో జరిగిన చెల్లింపు మీద కూడా ఒక శాతం దాకా రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తున్నాయి. ఆ లెక్కన 212 రూపాయల రుసుము, 38 రూపాయల పన్ను కలిసి మొత్తం 21,450 అవుతుంది. ఒకే గదికి 624 రూపాయలు ఎక్కువ. మార్కప్ లేని కార్డు ఉన్నవారికి నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే యూరోల్లో వారికయ్యేది 20,000 మాత్రమే.

ఇక్కడ డీసీసీ మార్కప్ 6 శాతం అనుకున్నాం. ఐరోపా వినియోగదారుల సంఘాల సమాఖ్య 2017లో లెక్కగట్టినప్పుడు డీసీసీ వల్ల 2.6 నుంచి 12 శాతం దాకా అదనంగా పడుతోందని తేలింది. రూపాయల్లో కట్టడం ఎప్పుడూ నష్టమేనని కూడా అనలేం. డీసీసీ మార్కప్ 2.6 శాతమే ఉండి, మన బ్యాంకు మామూలుగా 4.13 శాతం తీసుకునేదై, రూపాయల చెల్లింపు మీద ఏ రుసుమూ వేయనిదైతే రూపాయలే చవక. అన్నీ అలా కలిసిరావడం అరుదు.

నెట్‌వర్క్ ఎదురు తిరిగిన వేళ

డీసీసీ వల్ల నెట్‌వర్క్‌కు కూడా మారకం ఆదాయం చేజారుతుంది. 2010 మే నుంచి అక్టోబరు దాకా వీసా ఆస్ట్రేలియాలో కొత్త దుకాణాలు డీసీసీ పెట్టకుండా ఆపింది. అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ దీని మీద కోర్టుకు వెళ్లింది. పోటీని అణచిందన్న కారణంతో 2015లో ఫెడరల్ కోర్టు వీసాకు 1.8 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కొనేవాళ్లకు ఖరీదైన సేవ అయినా, మారకంలో వీసాకు అది పోటీయే మరి.

డీసీసీని పూర్తిగా ఆపలేకపోయినా నెట్‌వర్క్‌లు నియమాలు బిగించాయి. తొలినాళ్లలో కొన్ని చోట్ల కొనేవారికి చెప్పకుండానే మార్చేసేవారు. ఇప్పుడు రెండు మొత్తాలు, రేటు చూపించి అడగాలి. ముందే ఎంచి పెట్టకూడదు. అడగకుండా మార్చారని తేలితే మన బ్యాంకు ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. వీసా వివాదాల్లో దీనికి 12.3 అనే ప్రత్యేక కోడ్ ఉంది. అప్పుడు స్లిప్పే సాక్ష్యం. అందుకే దాన్ని పారేయకూడదు. స్లిప్పు మీద రూపాయల మొత్తం, మారకం రేటు, మీరే ఒప్పుకున్నారనే వాక్యం కనిపిస్తే డీసీసీ జరిగినట్టే. ఇంకా కౌంటర్ దగ్గరే ఉంటే ఆ లావాదేవీని రద్దు చేయించి యూరోల్లో మళ్లీ కొట్టమనడమే తేలికైన మందు.

ఏటీఎంలో ఈ ప్రశ్న ఇంకా భయపెడుతుంది. `Decline conversion` నొక్కితే డబ్బే రాదేమో అనిపిస్తుంది. వస్తుంది. కాదన్నది ఏటీఎం చేసే మారకాన్ని మాత్రమే, నోట్లు స్థానిక కరెన్సీలో యథావిధిగా వస్తాయి, మారకం నెట్‌వర్క్ చేస్తుంది.

ఫారెక్స్ కార్డు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లోంచి బయల్దేరేముందే అందులో యూరోలు నింపుకుని ఉంటారు. మెషిన్‌కు కనిపించేవి మొదటి అంకెలే కనుక, లోపల ఏ కరెన్సీ ఉందో దానికి తెలియదు. భారతీయ బ్యాంకు కార్డు అని చూసి రూపాయలు ఇవ్వజూపుతుంది. ఒప్పుకుంటే యూరోల బిల్లు మెషిన్‌లో రూపాయలవుతుంది, ఆ రూపాయల బిల్లు తీర్చడానికి కార్డులోని యూరోలను మళ్లీ మార్చాలి. నింపినప్పుడు ఒకసారి మార్చుకున్న డబ్బుకు మరో రెండు మారకాలు తోడై, రెండింటికీ తేడా కట్టవలసి వస్తుంది.

యూరోపియన్ యూనియన్ 2019లో ఒక నిబంధన చేసి 2020 ఏప్రిల్ 19 నుంచి అమలు చేసింది. దాని ప్రకారం డీసీసీ చేసేవారు యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ ప్రకటించే రేటు మీద తాము ఎంత శాతం అదనంగా వేస్తున్నారో కట్టే ముందే చూపాలి. సభ్య దేశాల మధ్య చెల్లింపులకే అది వర్తిస్తుంది. హైదరాబాద్ కార్డుకు ఆ శాతం చూపాలన్న చట్టపు బాధ్యత లేదు. కానీ ఆ రేట్ల పట్టికలో రూపాయి కూడా ఉంది, పని దినాల్లో సాయంత్రం అక్కడి 4 గంటల ప్రాంతంలో వెలువడుతుంది. వీసా, మాస్టర్‌కార్డ్ వెబ్‌సైట్లలో వాటి రేటు చూపే కాలిక్యులేటర్లు ఉన్నాయి. తెర మీది రూపాయలను యూరోలతో భాగించి, వచ్చిన 106ను వాటి 100తో పోల్చి, మన కార్డు మార్కప్ ఎంతో గుర్తు తెచ్చుకుంటే చాలు. ఆ మూడూ తెలియనప్పుడు, లేదా వెనుక క్యూ పెరిగిపోతున్నప్పుడు, దాదాపు ఎప్పుడూ మేలు చేసేది స్థానిక కరెన్సీ మీటే.