సాయంత్రం ఆకలికి ఒక వేళ

పిల్లలు లావుగా ఉన్న ఇంట్లో గొడవ రాత్రి భోజనం దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది. చాలా ఇళ్లలో దాని మూలం సాయంత్రం నాలుగున్నర దగ్గరే ఉంటుంది.

నాలుగో తరగతి పిల్లాడొకడు మధ్యాహ్నం బళ్లో క్యారియర్ తిన్నాడనుకుందాం. ఇంటికొచ్చేసరికి నకనకలాడే ఆకలి. చేతికందేవి చిప్స్, బిస్కెట్లు. ఏడింటికి మళ్లీ మిక్చర్. తొమ్మిదింటికి కంచం ముందు కూర వద్దంటాడు. "ఎలా అయిపోయావో చూసుకో" అని పెద్దవాళ్లు మందలిస్తారు. మర్నాటి నుంచి వాడు చాటుగా తినడం నేర్చుకుంటాడు.

బిస్కెట్ల డబ్బా పైన పెట్టేస్తే? 1999లో అమెరికా పరిశోధకులు జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ చిన్నపిల్లల కళ్లెదుటే ఒక చిరుతిండిని ఉంచి, కాసేపు అందకుండా చేశారు. పిల్లల ధ్యాస అంతా దాని మీదకే మళ్లింది.

అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన పద్ధతి వేరు. ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల పని. పెట్టినదాంట్లో ఎంత తినాలన్నది పిల్లల ఇష్టం.

ఆ పిల్లాడి ఇంట్లో ఇది ఇలా అమలవుతుంది. నాలుగున్నరకు టీవీ లేకుండా కూర్చోబెట్టి ఒక కప్పు శనగ గుగ్గిళ్లు, జామకాయ, గ్లాసు మజ్జిగ ఇస్తారు. ఆ తర్వాత ఏదైనా అడిగితే, "ఏడున్నరకు అన్నం తిందాం" అన్న ఒక్క మాటే జవాబు. అందులో వాడి ఒంటి ప్రస్తావన ఉండదు. రాత్రి అందరికీ ఒకటే వంట. కంచంలో సగం కూరలు, పావు వంతు అన్నం, మిగతా పావు పప్పు లేదా గుడ్డు. మారు అన్నం అడిగితే పెడతారు, కూర గిన్నె కూడా పక్కనే ఉంచుతారు. ఎన్ని ముద్దలు తిన్నాడని ఎవరూ లెక్కపెట్టరు.

చిప్స్ ఇంట్లో నిల్వ ఉండవు. ఆదివారం బజ్జీలు, పండక్కి అరిసెలు మాత్రం అందరితో పాటు వాడికీ ఉంటాయి. కూర తిన్నందుకు బహుమతిగా స్వీటు ఇస్తే కూర శిక్షలా తోస్తుంది కనుక ఆ బేరం మానేస్తారు.

మొదటి రోజుల్లో పిల్లాడు ఎక్కువే తినవచ్చు. తిండి వేళకు దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక ఆత్రం తగ్గుతుంది. చాటుగా తినడం, పదేపదే వంటింట్లోకి రావడం తగ్గాయా అన్నది మొదట కనిపించే గుర్తు. బరువును ఇంట్లో రోజూ చూడక్కర్లేదు. ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగినా చాలు. కొన్ని నెలలకోసారి పిల్లల డాక్టర్ ఎదుగుదల చార్టులో ఆ తేడా చూస్తారు.

మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారినా, నిద్రలో గురకతో ఊపిరి ఆగుతున్నట్టున్నా, బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయినా తిండి మార్పులతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.