అట్టపెట్టెల లెక్క: కిస్తీ కట్టాక మిగిలేదెంత?

లోన్ కోసం ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టు చేతికి రాగానే బ్యాంకు మేనేజరు చాలాసార్లు వెనక పేజీలే ముందు తిప్పుతారు. రాబోయే ఐదేళ్ల అమ్మకాలు, ఖర్చులు, కిస్తీల అంచనాలు ఉండేది అక్కడే. ఆడిటరు గారు వేసిచ్చారు కదా అని సంతకం పెట్టి ఊరుకున్నవాళ్లు మేనేజరు మొదటి ప్రశ్నకే తడబడతారు: ‘ఈ అమ్మకాల అంకె ఎక్కడి నుంచి వచ్చింది?’

అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్‌ను తీసుకుందాం. ఇక్కడి అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవి. మీ రిపోర్టులో మీ కొటేషన్లలోని ధరలే ఉండాలి.

అమ్మకాల లెక్క యంత్రం దగ్గర మొదలవ్వాలి. రోజుకు ఒక టన్ను, ఏడాదికి 300 రోజులు అనుకుంటే పూర్తి సామర్థ్యం 300 టన్నులు. కొత్త యూనిట్‌కు మొదటి ఏడాదే అంత పని దొరకదు. పనివాళ్లకు చేయి తిరగాలి, కొనేవాళ్లకు నమ్మకం కుదరాలి. అందుకే మొదటి ఏడాదికి సగం, అంటే 150 టన్నులే వేయాలి. మొదటి ఏడాదే 90 శాతం వేసిన రిపోర్టును చూస్తే, కావలసిన లాభాన్ని ముందే అనుకుని వెనక్కి లెక్క కట్టారని ఇట్టే తెలిసిపోతుంది. ఆ 150 టన్నులు ఎవరు కొంటారో చూపడానికి ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారుల ఉత్తరాలు జతచేస్తే మాటకు బలం వస్తుంది.

కిలో 60 రూపాయల చొప్పున అమ్మకం 90 లక్షలు. జీఎస్టీ ఇందులో కలపకూడదు, అది మన రాబడి కాదు. ఇక ఖర్చులు. కత్తిరింపుల్లో 8 శాతం కాగితం పోతుంది కాబట్టి 150 టన్నుల పెట్టెలకు దాదాపు 163 టన్నుల కాగితం కావాలి. కిలో 40 చొప్పున అది 65.2 లక్షలు. జిగురు, కరెంటు వగైరా 4.5 లక్షలు, జీతాలు, అద్దె 9 లక్షలు, వర్కింగ్ క్యాపిటల్ వడ్డీ 2 లక్షలు. అన్నీ పోగా 9.3 లక్షలు మిగులుతాయి.

యంత్రాల ఖరీదు 40 లక్షలు, అందులో టర్మ్ లోన్ 30 లక్షలు అనుకుందాం. ఐదేళ్లలో తీర్చాలంటే ఏడాదికి అసలు 6 లక్షలు, మొదటి ఏడాది వడ్డీ సుమారు 3.3 లక్షలు. కట్టవలసింది 9.3, చేతిలో ఉన్నదీ 9.3. యంత్రాల తరుగుదల 6 లక్షలు కూడా తీసేస్తే పుస్తకంలో లాభం సున్నా. కానీ తరుగుదల చేతి నుంచి పోయే డబ్బు కాదు కనుక కిస్తీ మాత్రం కట్టగలం. చేతికొచ్చే డబ్బును కట్టవలసిన అసలు, వడ్డీలతో భాగించి చూసే నిష్పత్తినే బ్యాంకువాళ్లు డీఎస్‌సీఆర్ అంటారు. ఇక్కడ అది సరిగ్గా 1. బ్యాంకులు సాధారణంగా సగటున 1.5 దాకా ఉండాలని చూస్తాయి.

అంకెలు పెంచి రాయడం దీనికి మందు కాదు. అసలు కట్టడం మొదలయ్యే ముందు ఆరు నెలల వ్యవధి, అంటే మారటోరియం అడగాలి. అప్పుడు మొదటి ఏడాది అసలు 3 లక్షలే కాబట్టి నిష్పత్తి 1.48కి చేరుతుంది. రెండో ఏడాది 60 శాతం పని దొరికితే పూర్తి కిస్తీని కూడా యూనిట్ మోయగలదు.

మారటోరియంతో మొదటి ఏడాది 3 లక్షలు మిగులుతాయని సంబరపడకూడదు. ఇంటి ఖర్చు ఎక్కడా వేయలేదు మరి! యజమాని నెలకు 20 వేలు వాడుకుంటే మిగిలేది 60 వేలే. కాగితం కిలోకు రెండు రూపాయలు పెరిగి, పెట్టె ధర పెంచలేకపోతే 3.26 లక్షలు ఎగిరిపోతాయి. అప్పుడు ఇంటి ఖర్చు సంగతి అటుంచి కిస్తీకే పాతిక వేల పైచిలుకు తగ్గుతుంది. ఈ లెక్కను మేనేజరు అడగకముందే రిపోర్టులో చూపడం మంచిది. నా మటుకు నేను, ఆ పేజీ ఉన్న రిపోర్టునే ఎక్కువ నమ్ముతాను.

చాలామంది మరిచేది వర్కింగ్ క్యాపిటల్‌లో తమ వాటా. చిన్న పరిశ్రమలకు నాయక్ కమిటీ సూచించిన పద్ధతిలో అమ్మకాల్లో 25 శాతాన్ని అవసరంగా లెక్కిస్తారు. అందులో 20 శాతం బ్యాంకు ఇస్తే, 5 శాతం యజమాని పెట్టాలి. మన యూనిట్‌కు అవసరం 22.5 లక్షలు, బ్యాంకు 18, సొంతం 4.5. యంత్రాలకు పెట్టిన పది లక్షలకు ఇది అదనం.

ఆ 22.5 లక్షలు చాలుతాయా అన్నది బాకీలు వచ్చే వేగాన్ని బట్టి ఉంటుంది. కొన్నవాళ్లు 60 రోజులకు డబ్బిస్తే బయట ఉండేది దాదాపు 15 లక్షలు. నెలకు సరిపడా కాగితం మరో 5.4 లక్షలు. సరిపోతుంది. అదే 90 రోజులైతే బాకీలే 22 లక్షలు దాటుతాయి, కాగితం కొనడానికి డబ్బుండదు. అందుకే కొనుగోలుదారుల నుంచి తెచ్చే ఉత్తరంలో ఎన్ని పెట్టెలో ఒక్కటే కాదు, ఎన్ని రోజులకు డబ్బిస్తారో కూడా రాయించుకోవాలి.