మీకు తెలుసా? ‘అన్నారు’ బదులు ఏం రాశారో చూడండి

ఒకరి మాటను మన రాతలోకి తెచ్చుకున్నప్పుడు, దాన్ని మనం నమ్ముతున్నామో లేదో ‘అన్నారు’ బదులు వాడిన క్రియ బయటపెట్టేస్తుందని మీకు తెలుసా? ‘నాదేముంది, ఆయన అన్నది రాశానంతే’ అని తప్పించుకోవడం చాలాసార్లు కుదరదు.

ఇంగ్లిష్‌లో పరిశోధన వ్యాసాలు రాసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. ఆర్గ్యూస్, క్లెయిమ్స్, కంటెండ్స్, అసర్ట్స్ అనే నాలుగు మాటల్నీ నిఘంటువులో చూస్తే ఇంచుమించు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. పైగా ఒకే మాట పదేపదే వాడకూడదని బడిలో నేర్పారాయె. దాంతో చాలామంది విద్యార్థులు ఒక పేరాలో ఒకటి, మరో పేరాలో ఇంకొకటి చొప్పున మార్చి మార్చి వాడేస్తారు. శైలి కోసం చేసిన ఆ మార్పుతో అర్థం కూడా మారిపోతుంది.

ఎలా మారుతుందో ఒక నిజమైన ఉదాహరణలో చూద్దాం. 1998 ఫిబ్రవరిలో బ్రిటన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది. అది 12 మంది పిల్లల గురించి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వ్యాసంగా అది లోకమంతా పాకింది. దాన్ని ప్రస్తావిస్తూ మీరొక వాక్యం రాయాలనుకోండి.

‘టీకా వల్ల ఆటిజం వస్తుందని వేక్‌ఫీల్డ్ చూపారు’ అంటే ఆ మాటకు మీరూ పూచీ పడినట్టే. ‘కనుగొన్నారు’, ‘నిరూపించారు’, ‘ఎత్తిచూపారు’ అన్నవీ ఇదే బాపతు. అనుమానం ఉంటే వాక్యం చివర ‘కానీ అది నిజం కాదు’ అని తగిలించి చదవండి. ‘నిరూపించారు, కానీ అది నిజం కాదు’ అనేది అతకదు. ‘వాదించారు, కానీ అది నిజం కాదు’ అనేది హాయిగా అతుకుతుంది. అతకని క్రియ వాడారంటే, విషయం నిజమేనని మీరు ముందే ఒప్పేసుకున్నారన్నమాట.

1991లో జెఫ్ థాంప్సన్, యె యియున్ అనే భాషా పరిశోధకులు పరిశోధన వ్యాసాల్లోని ఇలాంటి క్రియలను మూడు గుంపులు చేశారు. రాసేవాడు నిజమని ఒప్పుకున్నవి, తప్పని తేల్చినవి, ఎటూ తేల్చనివి. వాళ్ల లెక్కలో క్లెయిమ్ మూడో గుంపుది, అంటే పేరుకు తటస్థం. వాడుకలో మాత్రం దానికి అనుమానపు వాసన అంటుకుంది. అందుకే వికీపీడియా తన రచయితలకిచ్చే సూచనల్లో క్లెయిమ్, అసర్ట్ అనే మాటలు చెప్పిన మాట విశ్వసనీయతను ప్రశ్నార్థకం చేయవచ్చని హెచ్చరిస్తుంది. ‘సెడ్’ అన్న మామూలు మాటే దాదాపు ఎప్పుడూ క్షేమం అంటుంది. నాకూ అదే సబబనిపిస్తుంది.

మరి మన ఉదాహరణలో ‘చూపారు’ తీసేసి ‘క్లెయిమ్ చేశారు’ అని పెడితే సరిపోతుందా? ఇక్కడే అసలు తమాషా. టీకాకూ ఆ పిల్లల్లో కనిపించిన లక్షణాలకూ సంబంధాన్ని తాము నిరూపించలేదని ఆ వ్యాసమే చెప్పుకుంది. 12 మందిలో 8 మంది పిల్లల విషయంలో తల్లిదండ్రులు లక్షణాల మొదలును టీకాతో ముడిపెట్టారని మాత్రం నమోదు చేసింది. అంటే క్రియను ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, కర్త తప్పితే వాక్యం తప్పే. ‘టీకాయే కారణమని వ్యాసం క్లెయిమ్ చేసింది’ అన్నా అది అనని మాట అంటగట్టడమే. ‘లక్షణాలు టీకా తర్వాత మొదలయ్యాయని 8 మంది పిల్లల తల్లిదండ్రులు భావించినట్టు వ్యాసం నమోదు చేసింది’ అని రాస్తే ఎవరి మాట వారి దగ్గరే ఉంటుంది. టీకాలను విడివిడిగా వేయడం మేలని విలేకరుల సమావేశంలో చెప్పింది వేక్‌ఫీల్డ్. అది రాయాలంటే కర్త వ్యాసం కాదు, ఆయన.

కాలం గడిచాక క్రియ కూడా మారాలి. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది బ్రిటన్ వైద్య మండలి వేక్‌ఫీల్డ్ పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించింది. 1998లో ‘నమోదు చేసింది’ అంటే సరిపోయేది. ఇప్పుడు ‘తర్వాత ఉపసంహరించిన ఆ వ్యాసం’ అన్న ముక్క కర్తకు జతచేయకుండా అదే క్రియ రాస్తే పాఠకుణ్ణి పక్కదారి పట్టించినట్టే.

ఇక మిగతా మూడింటి సంగతి. ఆర్గ్యూస్‌లో అనుమానం లేదు, సమర్థనా లేదు. అవతలివారు కారణాలు చూపి ఒక నిర్ణయానికి వచ్చారని మాత్రమే చెబుతుంది. కాబట్టి మూలంలో కారణాలు ఉంటేనే వాడాలి. జనాభా లెక్కల నివేదిక అంకెలిస్తుంది తప్ప ఆర్గ్యూ చేయదు. కంటెండ్స్ అన్నారంటే ఎదుట ఇంకో పక్షం ఉందని, తగవు తెగలేదని అర్థం. ఎవరూ కాదనని విషయానికి దాన్ని వాడితే లేని గొడవ పుట్టించినవాళ్లమవుతాం. అసర్ట్స్‌లో మాట గట్టిగా ఉంది, ఆధారం మాత్రం కనిపించలేదన్న ధ్వని ఉంటుంది. నాలుగు పేజీల రుజువులిచ్చిన రచయిత్రిని ‘అసర్ట్స్’ అంటే ఆమె శ్రమను కొట్టిపారేసినట్టే.

ఏ శాస్త్రంలో ఉన్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. కెన్ హైలాండ్ అనే భాషావేత్త 8 రంగాల నుంచి 80 పరిశోధన వ్యాసాలు తీసుకుని వెతికితే ఇలాంటి క్రియలు 400కి పైగా దొరికాయి. తత్వశాస్త్రం వాళ్లకు ‘ఆర్గ్యూ’ అలవాటైన మాట. ఇంజనీర్లకు ‘షో’, జీవశాస్త్రజ్ఞులకు ‘ఫైండ్’ దగ్గర. తత్వవేత్తను ‘ఆర్గ్యూస్’ అంటే మామూలు మాటే. జీవశాస్త్రజ్ఞుణ్ణి అంటే, ‘ప్రయోగం సంగతేమిటి?’ అని చదివేవాడు కనుబొమ్మలెత్తుతాడు.

మన పత్రికలకూ ఇది కొత్తేమీ కాదు. వంతెన నాసిరకంగా కట్టారని ఒక ఇంజనీరు అన్నాడనుకోండి. ‘పేర్కొన్నారు’ అంటే పత్రిక తటస్థంగా నిలబడింది. ‘వెల్లడించారు’ అంటే నిజమేనని పత్రికా నమ్మింది. ‘ఆరోపించారు’ అంటే రుజువు భారం ఆయన మీదే పెట్టింది. ‘ఒప్పుకున్నారు’ అంటే ఆ ఇంజనీరే దోషి అయిపోయాడు! రాజకీయ వార్తల్లో సొంత పక్షం నేత ‘స్పష్టం చేస్తారు’, అవతలి నేత ‘అక్కసు వెళ్లగక్కుతారు’. అన్న మాట ఒక్కటే అయినా సరే. రేపు పొద్దున ఒకే ప్రసంగం మీద రెండు పత్రికల వార్తలు పక్కపక్కన పెట్టుకుని క్రియల కింద గీతలు గీస్తూ చదవండి, ఏ పత్రిక ఎటు ఒరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

నోటి మాటలో మనకు ఇంత తతంగం కూడా అక్కర్లేదు. ‘వంతెన నాసిరకమట’ అంటే చాలు. ఎవరన్నారో చెప్పకుండానే, ఆ మాట నాది కాదని చెప్పేసినట్టే.